అమ్మానాన్నల హెల్త్ పాలసీ: ప్రీమియం చూసే ముందు కో-పే లెక్క చూడండి

అరవై దాటిన తల్లిదండ్రులకు హెల్త్ పాలసీ తీసుకుందామని కొటేషన్లు తెప్పించుకుంటే సాధారణంగా రెండు రకాలు చేతికొస్తాయి. ఒకదాని ప్రీమియం చూడగానే గుండె గుభేలుమంటుంది. రెండోది అందులో నాలుగో వంతో, మూడో వంతో తక్కువ. ఆస్పత్రుల జాబితా ఒకటే, బీమా మొత్తం కూడా ఒకటే. అలాంటప్పుడు ఎక్కువ ఎందుకు కట్టాలనిపిస్తుంది. అమ్మే వ్యక్తి కూడా ‘ఇందులోనూ అన్నీ కవరవుతాయండీ’ అంటాడు. అతని మాటలో అబద్ధం లేదు. అయితే రెండో పాలసీలో ‘ప్రతి క్లెయిమ్‌లో 20 శాతం కో-పేమెంట్’ అని ఒక వాక్యం ఉంటుంది. తేడా అంతా ఆ వాక్యంలోనే ఉంది.

కో-పే అంటే ఆస్పత్రి ఖర్చులో మన వాటా. కంపెనీ ఒప్పుకున్న ఖర్చు లక్ష రూపాయలైతే 20 వేలు మనం, 80 వేలు కంపెనీ పెట్టుకోవాలి. ఇది ఏడాదికోసారి కట్టి వదిలించుకునేది కాదు. ఎన్నిసార్లు ఆస్పత్రిలో చేరితే అన్నిసార్లూ పడుతుంది. బిల్లు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. సీనియర్ సిటిజన్ల పాలసీల్లో ఇది 10 శాతం నుంచి 30 శాతం దాకా కనిపిస్తుంది. ముందు నుంచి ఉన్న జబ్బులకు సగం మీరే పెట్టుకోవాలన్న పాలసీలూ వచ్చాయి. కొన్ని కంపెనీలు చేరినప్పటి వయసునే చూస్తాయి. అరవై లోపు చేరినవాళ్లకు కో-పే పెట్టవు. 61 నిండాక చేరితే మాత్రం ఆ పాలసీ ఉన్నంతకాలం పెడతాయి. మీ నాన్నగారికి ఇప్పుడు 59 అయితే ఇంకో ఏడాది ఆగుదామని మాత్రం అనుకోకండి.

ఒక ఇంటి లెక్క చూద్దాం. అంకెలు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవే. మీ కొటేషన్‌లో వేరుగా ఉంటాయి, లెక్కకట్టే తీరు మాత్రం ఇదే. కాకినాడలో బట్టల షాపు నడిపి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్న తండ్రికి 66 ఏళ్లు, తల్లికి 62. ఆయనకు బీపీ, ఆమెకు షుగర్. కొడుకు హైదరాబాద్‌లో, కూతురు డల్లాస్‌లో ఉంటారు. ఇద్దరికీ కలిపి 10 లక్షల పాలసీకి కో-పే లేకుండా ఏడాదికి 68,000 ప్రీమియం చెప్పారు. 20 శాతం కో-పేతో అయితే 50,000. తేడా 18,000.

ఈ 18,000ను 20 శాతంతో భాగించండి. 90,000 వస్తుంది. అంటే కంపెనీ ఒప్పుకునే ఆస్పత్రి ఖర్చు ఏడాదికి సగటున 90,000 దాటితే ఎక్కువ ప్రీమియం పాలసీ లాభం. దాటకపోతే కో-పే పాలసీ లాభం. ఏ రెండు కొటేషన్లనైనా ఇలా తూచవచ్చు. కో-పే 30 శాతమైతే అదే 18,000 తేడాకు సరిసమానమయ్యే ఖర్చు 60,000కు పడిపోతుంది. తేడా 9,000 మాత్రమే అయితే 20 శాతం కో-పేకు 45,000 చాలు. తక్కువ ఆదా కోసం పెద్ద వాటా నెత్తిన వేసుకుంటున్నామో లేదో ఈ ఒక్క భాగహారం చెప్పేస్తుంది.

ఈ లెక్క నిజం చెప్పాలంటే పోల్చే రెండు పాలసీలూ మిగతా అన్ని విషయాల్లో ఒకేలా ఉండాలి. వేర్వేరు కంపెనీలవి పక్కపక్కన పెడితే తేడాలో కొంత కో-పేది, కొంత గది అద్దె పరిమితిది, కొంత జబ్బుల వారీ పరిమితులది కలగలిసిపోయి ఉంటుంది. అందుకే ఒకే కంపెనీలో ఒకే పాలసీకి కో-పేతో ఎంత, లేకుండా ఎంత అని రెండు కొటేషన్లు అడగండి. కో-పే పెట్టుకుంటే డిస్కౌంటు ఇచ్చే పాలసీలున్నాయి. అదనపు ప్రీమియం కడితే కో-పే తీసేసేవీ ఉన్నాయి. అలా అడిగితే వచ్చే తేడానే కో-పే అసలు ధర. ఇంట్లో పాత కొటేషన్ ఉంటే దాన్ని పక్కన పడేయండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ హెల్త్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు. అంతకు ముందు వేసిన లెక్కలు ఇప్పుడు పనికిరావు.

ఒక్క ఏడాదికే చూసి ఆగితే లెక్క సగమే అయినట్టు. ఈ వయసులో ప్రీమియం ఏటా పెరుగుతుంది. 2025 జనవరిలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక ఆదేశం ఇచ్చింది. సీనియర్ సిటిజన్ల ప్రీమియాన్ని ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే కంపెనీలు ముందుగా తనను సంప్రదించాలంది. ఏటా ఆ 10 శాతమే పెరిగిందనుకుందాం. ఎనిమిదో ఏడు వచ్చేసరికి, అంటే తండ్రికి 73 ఏళ్లప్పుడు, 68,000 కాస్తా సుమారు 1,32,500 అవుతుంది. 50,000 సుమారు 97,400 అవుతుంది. ఎనిమిదేళ్లలో రెండు పాలసీల మధ్య మిగిలే సొమ్ము మొత్తం దాదాపు 2,06,000. దీన్నీ 20 శాతంతో భాగిస్తే 10 లక్షల 30 వేలు. ఎనిమిదేళ్లలో తల్లిదండ్రులిద్దరి ఆస్పత్రి ఖర్చు కలిపి ఇంత దాటితే ఎక్కువ ప్రీమియం కట్టడమే మేలని తేలుతుంది.

ఇద్దరు పెద్దవాళ్లు, ఎనిమిదేళ్లు. ఒక గుండె స్టెంట్, ఒక మోకాలి మార్పిడి ఆపరేషన్, రెండు మూడు జ్వరాల చేరికలు ఉన్నా పది లక్షల లోపే ముగిసే ఇళ్లు చాలానే ఉంటాయి. క్యాన్సరో, పక్షవాతమో వస్తే ఒక్క ఏడాదిలోనే దాటిపోతుంది. కాబట్టి సగటు లెక్కలో కో-పే పాలసీ అంత తీసేయదగ్గదేం కాదు. ఏజెంట్లు తరచు చెప్పే ‘కో-పే ఉన్న పాలసీ అసలు ముట్టుకోకండి’ అన్న మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. కానీ సగటు కోసం మనం బీమా తీసుకోవడం లేదు. అన్నీ ఒకేసారి మీద పడే ఏడాది కోసం తీసుకుంటున్నాం. కో-పే పాలసీని ఆ ఏడాదిలో పెట్టి చూడాలి.

చూద్దాం. పాలసీ తీసుకున్న నాలుగో ఏడు తండ్రికి ఛాతీలో నొప్పి వచ్చింది. కాకినాడలో ప్రథమ చికిత్స చేయించి కొడుకు హైదరాబాద్ తీసుకొచ్చాడు. యాంజియోప్లాస్టీ చేసి రెండు స్టెంట్లు వేశారు. బిల్లు 3,60,000. అందులో గ్లౌజులు, మాస్కులు, రిజిస్ట్రేషన్ ఫీజు, తోడున్నవాళ్ల భోజనం లాంటివి 18,000. వీటిని కంపెనీ మొదటే పక్కన పెట్టేసింది. మిగిలింది 3,42,000. దాని మీద 20 శాతం కో-పే 68,400. కంపెనీ 2,73,600 ఇస్తే ఇంటివాళ్లు 86,400 కట్టుకోవాలి. కో-పే లేని పాలసీ అయి ఉంటే చేతి నుంచి పోయేది ఆ 18,000 మాత్రమే.

ఇంతవరకూ అయితే భరించదగ్గదే. కానీ చవక పాలసీలో కో-పే ఒంటరిగా వచ్చేది అరుదు. దాని వెంట గది అద్దె పరిమితి కూడా ఉంటుంది. ఈ పాలసీలో రోజుకు 5,000 దాకానే గది అద్దె ఇస్తారనుకోండి. ఆస్పత్రిలో ఆ ధరకు షేరింగ్ గది దొరికింది. నాన్నకు ప్రశాంతంగా ఉంటుందని కొడుకు 8,000 గది తీసుకున్నాడు. రోజుకు 3,000 తేడాయే కదా, మనమే కట్టుకుందామనుకున్నాడు. అక్కడే పొరపాటు. గది మారితే డాక్టరు ఫీజు, నర్సింగు, ఆపరేషన్ ఖర్చు కూడా ఆ గది తరగతిని బట్టే పడతాయి. కాబట్టి కంపెనీ గది అద్దెతో పాటు వాటినీ అదే నిష్పత్తిలో తగ్గిస్తుంది. ఎనిమిది వేలలో ఐదు వేలు, అంటే 62.5 శాతమే ఇస్తుంది.

మన బిల్లులో గది, నర్సింగు, డాక్టర్లు, ప్రొసీజర్ ఖర్చులు కలిపి 1,60,000. వాటిలో 60,000 కోత పడింది. స్టెంట్లు, మందులు, పరీక్షలను మాత్రం ఇలా కోయకూడదని నిబంధన ఉంది కాబట్టి అవి అలాగే మిగిలాయి. 3,42,000లోంచి 60,000 పోతే 2,82,000. ఇప్పుడు దీని మీద కో-పే 56,400. చివరికి కంపెనీ ఇచ్చేది 2,25,600. ఇంటివాళ్లు కట్టాల్సింది 18,000, 60,000, 56,400 కలిపి 1,34,400. మొత్తం బిల్లులో ఇది 37 శాతం. పాలసీ మీద రాసి ఉన్నది 20 శాతమే.

ఇంకొకటి కూడా ఉంది, అది మన తెలుగు ఇళ్లకు బాగా తగిలేది. కొన్ని కంపెనీలు ఊళ్లను జోన్లుగా విడదీసి, చిన్న ఊళ్ల చిరునామాకు తక్కువ ప్రీమియం వేస్తాయి. ఆ పాలసీతో పెద్ద నగరంలో వైద్యం చేయించుకుంటే అదనంగా జోన్ కో-పే వేస్తాయి. కాకినాడ, ఖమ్మం, అనంతపురం లాంటి చోట్ల ఉండే పెద్దవాళ్లకు పెద్ద జబ్బు చేస్తే పిల్లలు తీసుకెళ్లేది హైదరాబాద్‌కో, బెంగళూరుకో, చెన్నైకో. పై బిల్లులో మరో 10 శాతం జోన్ కో-పే కలిసిందనుకోండి, ఇంకో 28,200 పెరిగి ఇంటివాళ్ల వాటా 1,62,600 అవుతుంది. దాదాపు సగం బిల్లు. నెట్‌వర్క్‌లో లేని ఆస్పత్రికి వెళ్తే కో-పే వేసే పాలసీలూ ఉన్నాయి. అందుకే కో-పే ఎంత అని అడగడం ఒక్కటే సరిపోదు. ఏయే సందర్భాల్లో పడుతుంది, రెండు కో-పేలు కలిసి పడతాయా అని కూడా అడిగి, జవాబు మెయిల్‌లో రాయించుకోవాలి.

మన వాటా కట్టాల్సిన సమయం కూడా గడ్డుదే. క్యాష్‌లెస్ కేసులో డిశ్చార్జికి కంపెనీ చివరి అనుమతి మూడు గంటల్లోగా ఇవ్వాలని 2024లో నిబంధన వచ్చింది. ఆ అనుమతి పత్రంలోనే కో-పే ఇంత, కోతలు ఇంత, రోగి కట్టాల్సింది ఇంత అని ఉంటుంది. అది కడితేనే పేషెంటు బయటికి వస్తాడు. పిల్లలు అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉండి, ఊళ్లో పెద్దవాళ్లిద్దరే ఉన్న ఇంట్లో అర్ధరాత్రి లక్షన్నర సర్దడం ఎవరి పని? ఏజెంటును ఏమీ అడగక ముందే ఇంట్లో ఈ ప్రశ్నకు జవాబు తేల్చుకోవాలి. మెడిక్లెయిమ్ ఉంది కదా అని నిశ్చింతగా ఉన్న ఇళ్లలో అప్పు పుట్టేది సరిగ్గా ఈ గంటల్లోనే.

పెద్ద బిల్లుల్లో కో-పే ఇంకా భయపెడుతుంది, ఎందుకంటే దానికి పైకప్పు లేదు. బిల్లు 10 లక్షలైతే మన వాటా 2 లక్షలు. పాలసీ 5 లక్షలకే ఉండి బిల్లు 8 లక్షలైతే ఏమవుతుంది? కొన్ని పాలసీల్లో 8 లక్షల మీద కో-పే తీసేస్తే 6,40,000 వస్తుంది కాబట్టి కంపెనీ తన పూర్తి 5 లక్షలూ ఇస్తుంది. మరికొన్నిటిలో ఇవ్వాల్సిన 5 లక్షల్లోంచే 20 శాతం కోసి 4 లక్షలిస్తుంది. లక్ష రూపాయల తేడా కో-పే దేని మీద లెక్కగడతారన్న ఒక్క మాట మీద ఆధారపడి ఉంది.

ఈ కో-పేకు పైకప్పు వేసే దారి ఒకటుంది. దాన్ని సూపర్ టాపప్ అంటారు. ఒక గడప పెట్టుకుంటారు, 5 లక్షలనుకుందాం. ఏడాదిలో ఆస్పత్రి ఖర్చులు మొత్తం ఆ గడప దాటాక, దాటిన సొమ్మును సూపర్ టాపప్ ఇస్తుంది. గడప లోపలి ఖర్చు మొదటి పాలసీ భరించిందా, మన జేబులోంచి పోయిందా అన్నది చాలా సూపర్ టాపప్‌లు పట్టించుకోవు. ఖర్చు 5 లక్షలు దాటిందా లేదా అన్నదే చూస్తాయి. ఇప్పుడు 20 శాతం కో-పేతో 5 లక్షల పాలసీ, దాని పైన కో-పే లేని 15 లక్షల సూపర్ టాపప్ ఉందనుకోండి. 9 లక్షల బిల్లు వచ్చింది. మొదటి 5 లక్షల్లో మన వాటా ఎక్కువలో ఎక్కువ లక్ష. పై 4 లక్షలు సూపర్ టాపప్ నుంచి వస్తాయి. పక్కన పెట్టే చిల్లర ఖర్చులు మినహాయిస్తే ఆ ఏడాది మన చేతి నుంచి పోయేది లక్ష దగ్గర ఆగుతుంది. బిల్లు 12 లక్షలైనా అదే లక్ష. 10 లక్షల కో-పే పాలసీ ఒక్కటే ఉంటే వాటా 2 లక్షలు దాటేది.

కాబట్టి మూడో కొటేషన్ కూడా తెప్పించండి: కో-పేతో 5 లక్షల పాలసీ, దాని మీద సూపర్ టాపప్, రెండూ కలిపి ఎంత? ఆ మొత్తం కో-పే లేని పెద్ద పాలసీ ప్రీమియం కన్నా చెప్పుకోదగ్గంత తక్కువ వస్తే, నా దృష్టిలో మధ్యతరగతి ఇళ్లకు అదే అన్నిటికన్నా నిలకడైన దారి. సూపర్ టాపప్‌లోనూ కో-పే, గది అద్దె పరిమితి లేవని చూసుకోవాలి. రెండూ ఒకే రోజు మొదలైతే, ఒకే కంపెనీవైతే క్లెయిమ్ సమయంలో కాగితాల తిరుగుడు తగ్గుతుంది.

కొందరు ఇంకో వాదన చేస్తారు. ముందు చవక పాలసీ తీసుకుని, నాలుగేళ్లు పోయాక కో-పే లేనిదానికి మారదామంటారు. ఇది ఎంత తేలిగ్గా వినిపిస్తుందో అంత తేలిక కాదు. పోర్టబిలిటీ సౌకర్యం ఉంది నిజమే. రెన్యువల్‌కు కనీసం 45 రోజుల ముందు దరఖాస్తు చేస్తే, వెయిటింగ్ పీరియడ్‌లో ఇప్పటిదాకా గడిపిన కాలం కొత్త కంపెనీకీ చెల్లుతుంది. కానీ చేర్చుకోవాలా వద్దా అన్నది కొత్త కంపెనీ ఇష్టం. ఈలోగా నాన్నకు స్టెంట్ పడితే, అమ్మకు కిడ్నీ రిపోర్టు తేడాగా వస్తే వద్దనే హక్కు దానికుంది. ఉన్న కంపెనీలోనే కో-పే తీసేయమన్నా మళ్లీ ఆరోగ్య పరిస్థితి చూస్తారు. కో-పే లేని పాలసీ నుంచి ఉన్నదానికి దిగడం సులువు, అటు నుంచి ఇటు ఎక్కడమే కష్టం. ఏ పాలసీతో మొదలుపెట్టాలో తేలకపోతే, మొదటి రెండు మూడేళ్లు భరించే శక్తి ఉంటే, ఎక్కువ ప్రీమియంతోనే మొదలుపెట్టమని చెబుతాను.

దీనికి ఎదురు వాదన కూడా గట్టిదే, దాన్ని దాచడం న్యాయం కాదు. పాలసీ తీసుకున్నాక బీపీ, షుగర్ లాంటి పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. 2024 ఏప్రిల్ నుంచి అది మూడేళ్లకు మించకూడదు. ఆ మూడేళ్లలో పాత జబ్బుల ఖర్చును రెండు పాలసీలూ ఇవ్వవు. అంటే ఎక్కువ ప్రీమియం కట్టినవాళ్లకు ఆ కాలంలో దక్కే అదనపు లాభం ప్రమాదాలకు, కొత్తగా వచ్చే జబ్బులకు మాత్రమే. వెయిటింగ్ తక్కువగా ఉన్న పాలసీలూ ఉన్నాయి కాబట్టి ఆ కాలం ఎంతో రెండు కొటేషన్లలోనూ చూసుకోవాలి. బీపీ, షుగర్ సంగతి దాచి ప్రీమియం తగ్గించుకుందామనే సలహా ఎవరిచ్చినా వినకండి. ఐదేళ్లు నిండని పాలసీలో దాచిన జబ్బు బయటపడితే క్లెయిమ్ తోసిపుచ్చవచ్చు, పాలసీ రద్దు చేయవచ్చు. అప్పటికి పెద్దవాళ్ల వయసు పెరిగి, వేరే కంపెనీ తలుపు తీయదు.

ఇంతకన్నా ముఖ్యమైన వాదన మరొకటి. 68,000 ఈ ఏడు కట్టగలిగి, 1,32,500 కట్టాల్సిన ఏడు చేతులెత్తేస్తే అప్పటిదాకా కట్టిందంతా ఎవరికి ఉపయోగపడినట్టు? గడువు, దాని పైన ఇచ్చే గ్రేస్ పీరియడ్ కూడా దాటితే పాలసీ పోతుంది. కొత్తది తీసుకుంటే వెయిటింగ్ పీరియడ్ మొదటికొస్తుంది, అదీ ఎవరైనా ఇస్తే. పెద్దవాళ్లకు పాలసీ అసలు అవసరం పడేది 75 దాటాకే. అందుకే ప్రీమియం ఈ ఏడు కట్టగలమా అని కాదు, ఇది రెట్టింపయ్యాక కూడా కట్టగలమా అని కొడుకూ కూతురూ కూర్చుని మాట్లాడుకోవాలి. కట్టలేమనిపిస్తే కో-పే పాలసీనే తీసుకోండి. 80 ఏళ్ల దాకా నడిచే 80 శాతం పాలసీ, 72లో ఆగిపోయే నూరు శాతం పాలసీ కన్నా ఎన్నో రెట్లు మేలు.

ఆదాయపు పన్నులో పాత విధానంలో ఉన్నవాళ్లకు 80డి కింద సీనియర్ సిటిజన్ తల్లిదండ్రుల ప్రీమియం మీద 50,000 దాకా మినహాయింపు ఉంది. కొత్త విధానంలో అది లేదు. మన ఉదాహరణలో 50,000 పాలసీకి పూర్తి మినహాయింపు వస్తుంది. 68,000 కట్టినా మినహాయింపు 50,000కే. కొడుకు పాత విధానంలో ఉంటే ఆ అదనపు 18,000కు పన్ను ఊరట ఏమీ లేదని గుర్తుంచుకోవాలి.

కొడుకు కంపెనీ గ్రూప్ పాలసీలో తల్లిదండ్రులను చేర్చుకునే వీలుంటే సంతోషమే, చేర్చండి. చాలా గ్రూప్ పాలసీల్లో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. తల్లిదండ్రుల వరకు కో-పే పెట్టేవీ ఉంటాయి. కానీ ఉద్యోగం పోయిన రోజునో, మారిన రోజునో అది పోతుంది. దాన్ని చూసుకుని సొంత పాలసీ మానేయడం ప్రమాదం. వ్యక్తిగత పాలసీ వెయిటింగ్ పీరియడ్ గడిచేదాకా గ్రూప్ పాలసీని అడ్డుగా వాడుకోవచ్చు.

డెబ్బై నిండినవాళ్లకు మరో దన్ను ఉంది. 2024 అక్టోబరు 29న కేంద్రం ఆయుష్మాన్ భారత్‌ను 70 ఏళ్లు పైబడిన అందరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, విస్తరించింది. ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకుంటే ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా వైద్యం ఉంటుంది. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లూ తీసుకోవచ్చు, ఇందులో కో-పే లేదు. ఇది పథకంలో చేరిన ఆస్పత్రుల్లోనే, నిర్ణయించిన ప్యాకేజీలకే వర్తిస్తుంది. మీరు వెళ్లే ఆస్పత్రి ఆ జాబితాలో ఉందేమో ముందే కనుక్కోండి. ఉంటే, కో-పే పాలసీతో ధైర్యంగా ఉండటానికి అది మరో కారణం.

ఇక ఎవరికి ఏది? తల్లిదండ్రుల చేతికందే దూరంలో రెండు లక్షల రూపాయలు ఎప్పుడూ ఉండే ఇల్లయితే, కో-పే 20 శాతం మించకపోతే, గది అద్దె పరిమితీ జోన్ కో-పే లేకపోతే, చవక పాలసీ తీసుకోవచ్చు. మిగిలే 18,000ను ఇంటి ఖర్చుల్లో కలిపేయకుండా ఏటా తల్లిదండ్రుల పేరు మీదున్న ఖాతాలోనే వేయాలి. అలా వేయని ఇంట్లో కో-పే పాలసీ వల్ల మిగిలిందేమీ లేదు, ఆస్పత్రి రోజుకు అప్పు మాత్రం ఖాయం. కో-పే 30 శాతమో, అంతకు మించో ఉంటే, ఆ పాలసీ ఎంత చవకగా వచ్చినా, సూపర్ టాపప్ తోడు లేకుండా తీసుకోవద్దు. రెండు లక్షలు ఒక్కసారిగా సర్దలేని ఇల్లయితే, నెలకు 1,500 ఎక్కువైనా ప్రీమియమే కట్టండి. ఆ నెలవారీ భారం మోయగలరు, ఆస్పత్రి కౌంటరు దగ్గర పడే భారం మోయలేరు.

ఏది తీసుకున్నా, పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ అనే కొద్ది పేజీల కాగితం ఇవ్వాలి. మీరడిగితే దాన్ని తెలుగులోనూ ఇవ్వాలి. అందులో సబ్ లిమిట్లు, కో-పేమెంట్, డిడక్టిబుల్ ఎంతెంతో ఒక్కచోటే రాసి ఉంటాయి. దాన్ని నాన్నగారితో కూర్చుని చదవండి, అమ్మకూ చెప్పండి, ఎందుకంటే ఆ రోజు ఆస్పత్రిలో సంతకం పెట్టేది ఆమె కావచ్చు. ఏజెంటు చెప్పినదానికీ అందులో ఉన్నదానికీ తేడా కనిపిస్తే, పాలసీ కాగితం అందిన రోజు నుంచి 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చేయవచ్చు. క్లెయిమ్ లేకపోతే వైద్య పరీక్షల ఖర్చు, స్టాంపు డ్యూటీ, గడిచిన రోజుల ప్రీమియం మినహాయించి మిగతా డబ్బు తిరిగి ఇస్తారు.